కిలోకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత

పిల్లల జ్వరం మందు డబ్బాను పక్కకు తిప్పితే సన్నటి అక్షరాల్లో 15 mg/kg అని కనిపిస్తుంది. బిడ్డ బరువులో ఒక్కో కిలోకు 15 మిల్లీగ్రాముల మందు చొప్పున ఒక మోతాదు ఇవ్వాలని దాని అర్థం. కొన్ని డబ్బాల మీద 10-15 mg/kg అని ఉంటుంది. చాలావాటి మీద ఆ మాత్రం కూడా ఉండదు, డాక్టరు చెప్పిన ప్రకారం వాడాలని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అప్పుడు అదే అంకె డాక్టరు చీటీ మీదో, ఫోన్లోనో వస్తుంది. ఎలా వచ్చినా, తల్లి చేతిలో మిల్లీగ్రాములు కొలిచే పనిముట్టు ఏదీ లేదు. సీసాతో పాటు వచ్చేది చిన్న ప్లాస్టిక్ కప్పు, లేదంటే డ్రాపర్. వాటి మీద గీతలన్నీ మిల్లీలీటర్లవే. మిల్లీగ్రాములు మందు ఎంతో చెబుతాయి. మిల్లీలీటర్లు ఆ మందు కలిసిన ద్రవం ఎంతో చెబుతాయి. మొదటిదాన్ని రెండోదానిగా మార్చే అంకె అదే సీసా మీద మరోచోట ఉంటుంది. రాత్రిపూట హడావిడిగా ఫోన్లో తీసిన ఫొటోలో తరచు జారిపోయేది ఆ అంకే.

ఏడాది నిండిన పిల్లలు ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే ఒకరు 7 కిలోలు, ఇంకొకరు 11 కిలోలు ఉండొచ్చు. ఇద్దరికీ వయసు చూసి ఒకే మోతాదు పోస్తే ఒకరికి ఎక్కువైనా కావాలి, ఒకరికి చాలకపోయినా కావాలి. అందుకే పిల్లల వైద్యులు ముందు తూకం వేయిస్తారు. ఇక్కడ మనం చూడబోయేది పారాసెటమాల్. ఇళ్లలో ఎక్కువగా ఉండేది, డాక్టరును మళ్లీ అడగకుండా ఎక్కువసార్లు పోసేది ఇదే.

మన దేశంలో మందుల లేబుల్ మీద ఏమేం ఉండాలో 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 96వ నిబంధన చెబుతుంది. తాగే మందు అయితే 5 మిల్లీలీటర్లలో అసలు మందు ఎంత ఉందో రాయాలి. మోతాదు 5 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఉండే మందులకు 1 మిల్లీలీటరు లెక్కన రాసుకోవచ్చు. ఈ చిన్న వెసులుబాటు వల్లే సిరప్ సీసా మీద 5 మిల్లీలీటర్ల లెక్క, డ్రాప్స్ సీసా మీద 1 మిల్లీలీటరు లెక్క కనిపిస్తాయి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు డబ్బా, చివరికి ఒకే నారింజ వాసన అయినా సరే, ఈ రెండు వాక్యాలను ఒకే రకంగా చదివితే లెక్క తలకిందులవుతుంది.

బజారులో దొరికే మూడు రకాల పారాసెటమాల్ ద్రవాలు చూద్దాం. మొదటిది మామూలు సిరప్. దాని మీద 120 mg/5 ml అనో 125 mg/5 ml అనో ఉంటుంది. రెండోది కాస్త పెద్ద పిల్లల కోసం చేసింది, 250 mg/5 ml. దీన్ని షాపుల్లో ‘250 సిరప్’ అంటారు, కొందరు ‘డీఎస్’ అంటారు. మూడోది పసిపిల్లల డ్రాప్స్, 100 mg/ml. పైపైన చూస్తే 100 అన్నింటికన్నా చిన్న అంకె, కాబట్టి అదే పలచన అనిపిస్తుంది. ఒక్కో మిల్లీలీటరులో ఎంత ఉందో చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 120ని 5తో భాగిస్తే 24. 250ని 5తో భాగిస్తే 50. డ్రాప్స్‌లో మాత్రం నేరుగా 100. అంటే పసిపిల్లల కోసమని అమ్మే డ్రాప్సే ఈ మూడింటిలో అన్నిటికన్నా చిక్కనివి, మామూలు సిరప్‌కు నాలుగు రెట్ల పైచిలుకు. పసివాళ్లు ఎక్కువ ద్రవం మింగలేరు కనుక కొద్ది చుక్కల్లోనే మందంతా ఇమిడేలా చేస్తారు. ‘చిన్నపిల్లలది కదా, పవర్ తక్కువే ఉంటుంది’ అనే మాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో! ఆ నమ్మకాన్ని ఇంట్లోంచి పంపించేయాలి.

ఇప్పుడు ఒక రాత్రి లెక్క చేద్దాం. ఖమ్మంలో ఒక అక్క ఉందనుకుందాం. ఏడాది పాప, జ్వరం 102. హైదరాబాద్‌లో మెడికల్ షాపులో పనిచేసే తమ్ముడికి వాట్సాప్‌లో సీసా ఫొటో పంపింది.

“తమ్మీ, చిట్టికి జొరమొచ్చింది. ఇంట్ల ఈ మందున్నది. ఎంత పొయ్యాలె?”

ఫొటోలో మందు పేరు పెద్దక్షరాల్లో స్పష్టంగా ఉంది. కింద 15 ml అని ఉంది. ఇంకేమీ లేదు.

“అక్కా, ముందుదిక్కు పేరుతోని నాకు పని లేదు. సీసా తిప్పి పక్కకున్న సన్నక్షరాలు తియ్యి. డబ్బా ఉంటే అది గూడ తియ్యి. చిట్టి బరువెంత?”

“పోయిన వారమే అంగన్‌వాడీల తూకమేసిండ్రు. తొమ్మిది కిలోలు.”

రెండో ఫొటోలో ఒక్కో మిల్లీలీటరులో పారాసెటమాల్ 100 మిల్లీగ్రాములు అని వచ్చింది. డబ్బా ఫొటోలో 10-15 mg/kg అని ఉంది. ఇక తమ్ముడికి కావలసినవన్నీ దొరికినట్టే. తొమ్మిదిని పదితో గుణిస్తే 90, పదిహేనుతో గుణిస్తే 135. పాపకు ఒక మోతాదు 90 నుంచి 135 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. మిల్లీలీటరుకు 100 చొప్పున ఉంది కాబట్టి 0.9 నుంచి 1.35 మిల్లీలీటర్లు. డ్రాపర్ మీద 1 అన్న గీత దాకా తీస్తే 100 మిల్లీగ్రాములు. కిలోకు 11 పడుతుంది, హద్దులోనే ఉంది. 1.35 దాకానే పోయాలని పట్టుపట్టి, గీతలు లేని చోట అందాజుగా తీయడం కన్నా, హద్దులోపల ఉన్న గీత మీద ఆగడం మేలు. లెక్క ఎప్పుడూ కిందికి సవరించుకోవాలి, పైకి కాదు.

అదే పాపకు ఇంట్లో వేరే సీసా ఉండి ఉంటే? 120 సిరప్ అయితే 135ని 24తో భాగించాలి, సుమారు 5.6 మిల్లీలీటర్లు వస్తుంది. కప్పు మీద 5 గీత దాకా పోస్తే 120 మిల్లీగ్రాములు, సరిపోతుంది. 250 సిరప్ అయితే 135ని 50తో భాగిస్తే 2.7. రెండున్నర గీత దగ్గర ఆగితే 125 మిల్లీగ్రాములు. ఒకే పాప, ఒకే జ్వరం, ఒకే మందు. మూడు సీసాల్లో మూడు కొలతలు: ఒకటి, ఐదు, రెండున్నర. ‘పోయినసారి ఐదు పోశాం కదా’ అని గుర్తుంచుకున్న అంకె ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలిసిపోతుంది. ఐదు అనేది పాపకు సంబంధించిన అంకె కాదు, ఆ సీసాకు సంబంధించినది.

ఆ ఐదునే డ్రాప్స్ సీసాకు వాడితే 500 మిల్లీగ్రాములు పడుతుంది. అది పెద్దవాళ్లు వేసుకునే ఒక మాత్రకు సమానం. తొమ్మిది కిలోల బిడ్డకు కిలోకు 55 దాటుతుంది. ఒక్కసారికి పెద్ద ప్రమాదం లేకుండా గడిచిపోవచ్చు. కానీ ఆరు గంటలకోసారి అదే పోస్తూ పోతే ఒక్కరోజులో 2,000 మిల్లీగ్రాములు, కిలోకు 220 పైన. పారాసెటమాల్ రోజంతటికీ కలిపి కిలోకు 60 దాటకుండా చూడమని మామూలు లెక్క, అంటే 15 చొప్పున నాలుగు మోతాదులు. ఈ తప్పును పసిగట్టడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. డ్రాప్స్ సీసాలో ఉండేది సాధారణంగా 15 మిల్లీలీటర్లు. అది ఒక్కరోజుకే అయిపోతే, డ్రాపర్‌ను ఒక మోతాదుకు నాలుగైదుసార్లు నింపాల్సి వస్తే, అక్కడే ఆగి లేబుల్ మళ్లీ చదవాలి. డ్రాప్స్ అనేవి అంతంత పోయడానికి చేసినవి కావు.

తప్పు రెండోవైపు నుంచి కూడా జరుగుతుంది. డ్రాప్స్‌కు చెప్పిన ఒక మిల్లీలీటరును 120 సిరప్‌లో తీసి పోస్తే దక్కేది 24 మిల్లీగ్రాములు. జ్వరం దిగదు. మందు పనిచేయలేదని రెండు గంటలకే ఇంకోసారి పోస్తారు, లేదా ఇంకో మందు తెస్తారు. జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. ఇబుప్రొఫెన్‌తో కలిపి అమ్మేవాటిలోనూ ఉంటుంది. రెండో సీసా తెరిచే ముందు దాని వెనక కూడా ఆ పేరు ఉందేమో చూడాలి, ఉంటే ఆ మిల్లీగ్రాములూ ఈ మొత్తంలోనే చేరతాయి.

ఫొటో సంగతికి వద్దాం. సీసా గుండ్రంగా ఉంటుంది, లేబుల్ దాని చుట్టూ తిరుగుతుంది. ముందువైపు నుంచి తీస్తే వాక్యం సగం మాత్రమే పడుతుంది. ‘250 mg’ కనిపిస్తుంది, అది ఎన్ని మిల్లీలీటర్లలోనో చెప్పే ముక్క మలుపు అవతల ఉండిపోతుంది. చూసేవాళ్లు తమకు అలవాటైన లెక్క వేసేసుకుంటారు. కాబట్టి సీసాను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు మూడు ఫొటోలు తీయాలి, ఒక దాంట్లో ఉన్న చివరి మాట తర్వాతి దాంట్లో మొదట వచ్చేట్టు. ఫ్లాష్ వేస్తే మెరుపు కాగితం మీద తెల్లటి మరక పడి సరిగ్గా అంకె మీదే కూర్చుంటుంది. ట్యూబ్‌లైటు కింద, ఫ్లాష్ ఆపేసి, సీసాను కాస్త వంచి తీస్తే నయం. చుక్క ఉన్న అంకెలు ఇంకా జాగ్రత్త. 2.5 ఫొటోలో 25 అయిపోవడానికి మసక చాలు. వాట్సాప్ మామూలుగా ఫొటో సైజు తగ్గించి పంపుతుంది. హెచ్‌డీ ఎంచుకుని గానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపితే అక్షరాలు చెదరవు. ఫొటో చదివి లెక్క చెప్పేవాళ్లు, అంకె ఊహించాల్సి వస్తే లెక్క చెప్పకూడదు. మళ్లీ ఫొటో అడగాలి, లేదా ఫోన్ చేసి సీసా చేతిలో పట్టుకుని చదివించాలి.

ఒకే అంకె రెండు చోట్ల ఉండి తికమక పెట్టడమూ ఉంది. డ్రాప్స్ డబ్బా మీద 15 ml అని ఉంటుంది, అది సీసాలో ఉన్న మొత్తం ద్రవం. పక్కన 15 mg/kg అని ఉంటుంది, అది మోతాదు. కంగారులో ఉన్న కంటికి రెండూ పదిహేనే. సిరప్ మీద 60 ml కూడా అంతే, ఆ సీసాలో ఎంత మందు ఉందో తప్ప ఎంత పోయాలో అది చెప్పదు.

ఫోన్ గ్యాలరీలో పాత ఫొటో ఉంటుంది, ‘పోయినేడు డాక్టరుగారు రాసిచ్చింది’ అని దాన్నే తీస్తారు. ఈలోగా పాప తొమ్మిది కిలోల నుంచి పన్నెండు అయి ఉంటుంది, ఇంట్లో ఉన్న సీసా వేరే కంపెనీది అయి ఉంటుంది. రెండు వైపులా అంకెలు మారాయి కాబట్టి ఆ చీటీ మీది మిల్లీలీటర్లు చెల్లవు. తోడికోడలు కొడుకు చీటీ ఫార్వర్డ్ అయి రావడమూ అంతే.

లెక్కలో ఇంటి నుంచి రావలసినది ఒక్కటే, బరువు. అంగన్‌వాడీలో నెలనెలా వేసే తూకం తల్లీబిడ్డల కార్డులో ఉంటుంది, అది కొత్తదైతే చాలు. లేకపోతే ఇంట్లో మనుషులు నిలబడే తూకం యంత్రం ఉంటే, బిడ్డను ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి నిలబడి తేడా తీయొచ్చు. అది అరకిలో అటూ ఇటూ చూపించినా పారాసెటమాల్‌కు ఫర్వాలేదు, 10 నుంచి 15 దాకా జాగా ఉంది కనుక. వయసు చూసి బరువు అంచనా వేయడం మాత్రం వద్దు. బక్కగా ఉన్న బిడ్డకు ఆ అంచనా ఎక్కువ మందు పోయిస్తుంది, ఎక్కువైతే తట్టుకోలేనిది కూడా ఆ బిడ్డే.

మోతాదు లెక్క కుదిరాక తిరగేసి ఒకసారి సరిచూసుకోవాలి. పోయబోయే మిల్లీలీటర్లను ఒక్కో మిల్లీలీటరులో ఉన్న మిల్లీగ్రాములతో గుణించి, వచ్చినదాన్ని బరువుతో భాగిస్తే 10కీ 15కీ మధ్య పడాలి. డ్రాప్స్ 1 మిల్లీలీటరు, గుణకారం 100, భాగహారం 9, వచ్చింది 11. పడింది. మధ్యలో ఎక్కడ పొరపాటు జరిగినా ఇక్కడ 50 అనో 3 అనో వచ్చి పట్టిస్తుంది. ఆ తర్వాత సీసా బాగా కుదపాలి. సస్పెన్షన్‌లో మందు అడుక్కి చేరుతుంది, కుదపకుండా పోస్తే పైన పలచన, సీసా చివరికి వచ్చేసరికి చిక్కన. కొలవడానికి వంటింటి చెంచా వద్దు. చెంచాలన్నీ ఒక్క సైజులో ఉండవు. రెండు మూడు మిల్లీలీటర్ల మోతాదులకు సూది లేని సిరంజి అన్నిటికన్నా నమ్మకమైనది. మెడికల్ షాపులో 5 మిల్లీలీటర్లది కొని, సూది అక్కడే పారేయించి తెచ్చుకోవచ్చు.

యాంటీబయాటిక్ సీసా చేతికి వచ్చినప్పుడు ఇంకో మాట పట్టి చూడాలి. అది డాక్టరు రాస్తేనే వాడేది, కానీ పోసేది ఇంట్లోనే, లెక్క అర్థమై ఉంటే తేడా కనిపెట్టొచ్చు. వీటి కాగితం మీద తరచు ఉండేది mg/kg/day, అంటే రోజు మొత్తానికి. పారాసెటమాల్‌కు ఉండేది ఒక్కో మోతాదుకు. చివర ఉన్న ఆ ఒక్క మాట ఫొటో అంచులో తెగిపోతే మందు రెట్టింపవుతుంది. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిపిన సిరప్‌కు రోజుకు 45 mg/kg అని, రెండుసార్లుగా ఇమ్మని ఉందనుకోండి. మన తొమ్మిది కిలోల పాపకు రోజుకు 405 మిల్లీగ్రాములు, పూటకు సుమారు 200. సీసా మీద పెద్దగా 228.5 అని ఉంటుంది. అది రెండు మందుల మొత్తం, 5 మిల్లీలీటర్లలో అమాక్సిసిలిన్ 200, క్లావులనేట్ 28.5. డాక్టర్ల లెక్క అమాక్సిసిలిన్‌తోనే నడుస్తుంది కనుక పూటకు 5 మిల్లీలీటర్లు. చీటీ మీద 10 మిల్లీలీటర్లు రెండు పూటలా అని కనిపిస్తే, రోజు లెక్కను పూట లెక్కగా ఎక్కడో తీసుకున్నారేమోనని డాక్టరును ఫోన్ చేసి అడగాలి, అడగడంలో తప్పు లేదు. కొన్ని జబ్బులకు వాళ్లు కావాలనే ఎక్కువ రాస్తారు కూడా. ఇవి పొడిగా వస్తాయి, కాచి చల్లార్చిన నీళ్లో, డబ్బాలో ఇచ్చిన నీళ్లో సీసా మీది గీత దాకా పోసి కలపాలి. గీతకు కిందే ఆపేస్తే ప్రతి మిల్లీలీటరూ చిక్కనవుతుంది, లేబుల్ మీది అంకె అబద్ధమవుతుంది.

అమెరికాలో మనవడు, ఇక్కడ అమ్మమ్మ ఉన్న ఇళ్లలో ఈ లెక్క సముద్రాలు దాటుతుంది. అక్కడ కూడా ఒకప్పుడు పసిపిల్లల పారాసెటమాల్ డ్రాప్స్ 0.8 మిల్లీలీటరుకు 80 మిల్లీగ్రాములు ఉండేవి, మన డ్రాప్స్ అంత చిక్కన. సిరప్‌తో తారుమారై ఎక్కువ మందు పడుతోందని 2011లో తయారీదారులు వాటిని ఆపేసి, పిల్లలందరికీ 160 mg/5 ml ఒక్కటే ఉంచారు. మిల్లీలీటరుకు 32. అమ్మమ్మ ఫోన్లో “ఒక్క ఎంఎల్ పొయ్యమ్మా, మీ చెల్లి కూతురికి అంతే పోశాం” అంటే అక్కడ చాలదు. అక్కడి ఐదు మిల్లీలీటర్ల అలవాటుతో ఇక్కడి నుంచి సూట్‌కేసులో వెళ్లిన డ్రాప్స్ పోస్తే మూడు రెట్లు పడుతుంది. అక్కడ బరువు పౌండ్లలో చెబుతారు, 20 పౌండ్లంటే 9 కిలోలు. ఆ ఇరవైని కిలోలనుకుని పదిహేనుతో గుణిస్తే 300 వస్తుంది.

మూడు నెలలు నిండని పసికందుకు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ఉంటే ఈ లెక్కలేవీ వేయొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కువ పోసేశామని తెలిస్తే, బిడ్డ మామూలుగా ఆడుకుంటోంది కదా అని తెల్లవారేదాకా చూడొద్దు. పారాసెటమాల్ ఎక్కువైనప్పుడు మొదటి రోజు ఏ లక్షణమూ కనబడకపోవచ్చు, మహా అయితే ఒకటి రెండు వాంతులు. కాలేయానికి జరిగిన నష్టం రెండో రోజుకో మూడో రోజుకో తేలుతుంది. దీనికి ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, మందు కడుపులో పడిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే అది బాగా కాపాడుతుంది. వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా, సీసా, డబ్బా, పోసిన కప్పు లేదా డ్రాపర్ వెంట పట్టుకుని వెళ్లాలి. ఎన్ని గంటలకు ఎంతెంత పోశారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే, డాక్టరు మొదట అడిగేది అదే.